నలుగురు నాలుగు రకాలుగా చెప్పిన డ్రాఫ్ట్‌ను కలగాపులగం చేయకుండా తేల్చడం ఎలా?

కింది పేరా, లాగిన్ పద్ధతి మారుతోందని మా యూజర్లకు పంపాల్సిన మెయిల్ కోసం నేను రాసిందే. ఒకసారి చదవండి.

"మా సేవలను మరింత మెరుగుపరిచే ప్రయత్నంలో భాగంగా, శనివారం రాత్రి సుమారు 10 గంటల నుంచి కొన్ని గంటలపాటు (సాధారణంగా 2 గంటల వరకు, అవసరాన్ని బట్టి మారవచ్చు) సర్వీస్‌లో అంతరాయం ఉండే అవకాశం ఉంది. ఆ తర్వాత కొందరు యూజర్లు పాస్‌వర్డ్ మార్చుకోవాల్సి రావచ్చు. నిర్ణీత గడువులో మార్చుకోని పక్షంలో కొన్ని ఖాతాలపై పరిమితులు ఉండవచ్చు."

ఇప్పుడు మీరు పాస్‌వర్డ్ మార్చుకోవాలా, అక్కర్లేదా? ఎప్పటిలోగా? సర్వీస్ మళ్లీ ఎన్నింటికి వస్తుంది? ఏ ఒక్కదానికీ జవాబు దొరకదు. అయినా ఈ పేరాను నలుగురు రివ్యూయర్లూ ఓకే చేశారు. ఓకే చేయక ఏం చేస్తారు, ఎవరి మాట వాళ్లకు అందులో కనిపిస్తూనే ఉంది కదా! కర్ర విరగకుండా పాము చావకుండా రాస్తే తయారయ్యేది ఇదే.

నేను మొదట రాసిన పేరా ఇంత అధ్వానంగా లేదు. "శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం తెల్లవారుజామున 2 వరకు సర్వీస్ ఆగుతుంది. ఆ తర్వాత మీ పాత పాస్‌వర్డ్ పనిచేయదు. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు కొత్తది పెట్టుకోవాలి." ఇదీ మొదటి డ్రాఫ్ట్‌లోని అసలు ముక్క. దాని వెనక, లాగిన్ పద్ధతి ఎందుకు మారుస్తున్నామో వివరించే రెండు పేరాలు ఉండేవి. ఇంజినీర్, సపోర్ట్ హెడ్, లీగల్, మార్కెటింగ్, నలుగురూ కలిసి 37 కామెంట్లు పెట్టారు. నేను పైనుంచి కిందికి ఒక్కోటీ సరిచేసుకుంటూ పోయాను. సాయంత్రానికి తయారైంది మీరు పైన చదివిన పేరా. అది బయటికి వెళ్లకముందే మా ప్రొడక్ట్ మేనేజర్ ఆపేశారు. రెండోసారి అదే 37 కామెంట్లతో మళ్లీ మొదలుపెట్టి ఎలా తేల్చానో చెబుతాను.

కామెంట్లు తెరవకముందే రెండు విషయాలు రాసిపెట్టుకోండి

మొదటిది, ఈ డ్రాఫ్ట్ చేయాల్సిన పని. ఒకే వాక్యంలో రాయాలి. ఎవరు చదువుతారు, చదివాక ఏం చేస్తారు అనే రెండూ అందులో ఉండాలి. నేను రాసుకున్నది ఇది: "ఇప్పటికే ఖాతా ఉన్న యూజర్, ఆదివారం తర్వాత మొదటిసారి లాగిన్ అయినప్పుడు కంగారు పడకుండా కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటాడు." ఇలా కాకుండా "యూజర్లకు మార్పు గురించి తెలియజేయడం" అని రాసుకుంటే లాభం లేదు. ఏ కామెంట్‌నైనా ఆ వాక్యం లోపలికి రానిస్తుంది. మీరు రాసుకున్న వాక్యం కొన్ని కామెంట్లనైనా గుమ్మం బయటే ఆపాలి. ఆపలేకపోతే ఇంకా బిగించి రాయండి.

రెండోది, చివరి మాట ఎవరిది? రివ్యూ చేసేవాళ్లు నలుగురు ఉండొచ్చు, తేల్చేవాళ్లు మాత్రం ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరూ ఎవరో తెలియకపోతే పని ఆపి ముందు అది అడగండి. "అందరూ కలిసి చూసుకుంటారులే" అనే జవాబు వస్తే, తేల్చే బాధ్యత మీ నెత్తిన పడిందని అర్థం. అలాంటప్పుడు "ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నేనే నిర్ణయిస్తాను" అని ఒక లైన్ మెయిల్ పెట్టుకోవడం నయం. దీంతోపాటే ఎవరి మాట ఏ విషయంలో దాటరానిదో కూడా తెలుసుకోండి. గడువు గురించి చట్టపరంగా ఏం చెప్పి తీరాలో లీగల్ చెబితే అది తప్పనిసరి. అదే లీగల్ మనిషి "ఈ పదం బరువుగా ఉంది" అంటే అది ఒక పాఠకుడి అభిప్రాయం, అంతే. ఈ తేడా చూడకుండా, ఒకరి ప్రతి కామెంట్‌కూ వాళ్ల హోదా అంత బరువు ఇచ్చేయడం నేను చాలాచోట్ల చూశాను.

ఇంకో చిన్న విషయం. నలుగురూ చదివింది ఒకే వెర్షనేనా? నేను మొదటిసారి చేసిన తప్పుల్లో ఇదీ ఒకటి. ఇంజినీర్ కామెంట్లు రాగానే సరిచేసి, సరిచేసిన కాపీని మార్కెటింగ్‌కు పంపాను. దాంతో, ఇంజినీర్ తీయించిన వాక్యాన్నే "ఇది ఎందుకు లేదు?" అని మార్కెటింగ్ అడిగారు. అది వాళ్లిద్దరి మధ్య తగాదా కాదు, నేను పుట్టించింది. ఒక వెర్షన్‌ను ఆపి ఉంచి, దాని మీదే అందరి దగ్గరా కామెంట్లు తీసుకోండి. వీలైతే మొదటి రౌండ్‌లో ఒకరి కామెంట్లు ఇంకొకరికి కనిపించకుండా చూడండి. పెద్దవాళ్లు ముందు ఒక మాట రాసేస్తే, చిన్నవాళ్లు వేరేది గమనించినా నోరు మెదపరు.

అడిగింది ఒకటి, ఇబ్బంది ఇంకొకటి

ఇప్పుడు కామెంట్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించండి. డాక్యుమెంట్ పక్కన కామెంట్ల పట్టీ తెరుచుకుని ఒక్కొక్కటి సరిచేయడం మానేయండి. అలా చేస్తే మీకు ఒకసారికి ఒక్క మనిషి గొంతే వినిపిస్తుంది, చివర్న ఎవరిది చూస్తే వాళ్ల మాటే మిగులుతుంది. షీట్‌లో నాలుగు కాలమ్‌లు చాలు: ఏ చోటు, ఎవరు, ఏం చేయమన్నారు, వాళ్లకు కలిగిన ఇబ్బంది ఏంటి.

నాలుగో కాలమే అసలైనది. చాలా కామెంట్లలో అది ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే మనుషులు ఇబ్బంది చెప్పరు, మందు చెబుతారు. "ఈ టైమ్ తీసేయండి" అనేది మందు. ఏ నొప్పికో అందులో లేదు. ఇద్దరి మందులు ఒకదానికొకటి పడకపోవచ్చు, కానీ నొప్పులు ఒకే డ్రాఫ్ట్‌లో పక్కపక్కనే నయం కావచ్చు. అందుకే మందుల మధ్య రాజీ కుదర్చడానికి కూర్చోవద్దు.

కాలమ్ నిండాక వేరు చేయండి. నా 37లో 11 తేదీల పొరపాట్లు, పనిచేయని లింకు, అచ్చుతప్పుల్లాంటివి. వాటికి ఆలోచన అక్కర్లేదు, అప్పటికప్పుడు సరిచేసేశాను. 14 రుచికి సంబంధించినవి: "కానీ" బదులు "అయితే" లాంటివి. వీటిలో మీకు నచ్చినవి తీసుకోండి, మిగతావి వదిలేయండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. మిగిలిన 12 విషయానికి సంబంధించినవి. వాటిలోనూ 5 ఎవరితోనూ పేచీ లేనివి. అంటే నిజంగా ఢీకొట్టుకున్నవి 7 కామెంట్లు, అవి కూడా మూడే ముడులు. 37 ఎర్ర గీతలు చూసి టెన్షన్ పడిన మనిషికి మూడు ముడులంటే ఊపిరి పీల్చుకున్నట్టే. ఏ డ్రాఫ్ట్‌కైనా లెక్క ఇలాగే వస్తుందని చెప్పను గానీ, విడదీసి చూశాక తగాదాలు అనుకున్నన్ని ఉండకపోవడం మాత్రం నాకు మామూలే.

మొదటి ముడి: టైమ్ రాయాలా, వద్దా?

ఇంజినీర్ రాసింది: "2 గంటలకు అయిపోతుందని చెప్పలేం. టైమ్ తీసేయండి." సపోర్ట్ హెడ్ రాసింది: "టైమ్ కచ్చితంగా ఉండాలి, లేకపోతే రాత్రంతా ఫోన్లే." చూడ్డానికి ఒకరు కావాలంటున్నారు, ఇంకొకరు వద్దంటున్నారు. మొదటిసారి నేను "సుమారు", "సాధారణంగా", "మారవచ్చు" అనే మూడు మాటలు తెచ్చి ఇద్దరి నోళ్లూ మూయించాను.

రెండోసారి ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను: "ఈ వాక్యం ఇలాగే బయటికి వెళ్తే ఎవరికి ఏం నష్టం?" ఇంజినీర్ చెప్పింది ఇది. పని రెండున్నర గంటల్లో అయిపోవచ్చు. కానీ మధ్యలో ఏదైనా తేడా వస్తే అంతా వెనక్కి తిప్పి పాత పద్ధతిని నిలబెట్టాలి, దానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది. 2 అని రాసి 3 అయితే మాట తప్పినట్టవుతుంది. "మరి ఎన్నింటికని రాస్తే మీకు దిగులు ఉండదు?" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "పొద్దున ఆరు" అన్నారు. సపోర్ట్ హెడ్‌కేమో ఫోన్ చేసినవాళ్లకు చెప్పడానికి ఒక గంట అంటూ కావాలి, అది ఎన్నింటికైనా సరే. ఆరు అనగానే "ఇంకా మంచిది, రెండింటి దాకా మేలుకుని చూసేవాళ్లు ఉండరు" అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రెండుకూ ఆరుకూ మధ్య నాలుగు ఉంది. మీటింగ్ పెట్టి ఉంటే "సరే, నాలుగు అని రాద్దాం" అని తేలేదేమో. నాలుగు అని రాస్తే ఇంజినీర్‌కు దిగులు తీరదు, సపోర్ట్‌కు కొత్తగా వచ్చే లాభమూ లేదు. సగానికి సగం పంచడం అనేది డబ్బుకో భూమికో పనికొస్తుంది. వాక్యానికి పనికిరాదు.

రెండో ముడి: పొడుగా, పొట్టా?

సపోర్ట్ హెడ్ "చాలా పొడుగైంది" అన్నారు. లీగల్ "వివరాలు చాలవు" అన్నారు. ఇలాంటి జంట కామెంట్లు వచ్చాయంటే నేను ముందు చూసేది వాళ్లు ఏ చోట గీత గీశారు అని. ఇద్దరి చూపూ ఒకే డాక్యుమెంట్ మీద ఉన్నా, ఒకే చోట మీద ఉండకపోవచ్చు. అడిగితే అలాగే తేలింది. సపోర్ట్‌కు పొడుగనిపించింది "ఎందుకు మారుస్తున్నాం" అనే రెండు పేరాలు. లీగల్‌కు చాలనిది ఒక్క విషయం: ఖాతాలో ఇచ్చిన మెయిల్ అడ్రస్ ఇప్పుడు వాడుకలో లేనివాళ్ల గతేంటి? రెండు పేరాలు తీసేశాను, ఒక వాక్యం చేర్చాను. తగాదా అనేదే లేదు.

ఇద్దరూ ఒకే వాక్యం దగ్గర ఒకరు పెంచమని, ఇంకొకరు తగ్గించమని అంటే అది వేరే కథ. అప్పుడు సాధారణంగా ఆ వాక్యం నిడివిలో లోపం ఉండదు. అది చోటు తప్పి ఉంటుంది, లేదా దాని ముందు రావాల్సిన మాట ఎక్కడో వెనకపడి ఉంటుంది.

మూడో ముడి: నిజమైన తగాదా

ఇది మాత్రం ఫోన్లతో తీరలేదు. 30 రోజుల్లో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే ఖాతా లాక్ అవుతుందని మొదటి మెయిల్‌లోనే ఉండాలి అని లీగల్. "లాక్" అనే మాట చూస్తే జనం భయపడతారు, తీసేయండి అని మార్కెటింగ్. అంతేకాదు, కొత్త లాగిన్ వల్ల వచ్చే లాభాలు మెయిల్ పైనే ఉండాలని కూడా వాళ్ల కోరిక.

ఇందులో మొదటి భాగం త్వరగానే తేలింది. ముందుగా చెప్పకుండా ఖాతా లాక్ చేయడం కుదరదు అని లీగల్ అన్నారు. అది వాళ్ల పరిధి. కాబట్టి "లాక్" ఉంటుంది. అయితే "భయపడి ఏం చేస్తారు?" అని మార్కెటింగ్‌ను అడిగితే పనికొచ్చే సంగతి ఒకటి దొరికింది. "తమ డేటా పోతుందనుకుంటారు" అన్నారు. డేటా పోదు! లాక్ అయినా సపోర్ట్‌ను అడిగితే తిరిగి తెరుస్తారు. ఆ నిజం డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు. భయానికి కారణం ఆ మాట కాదు, దాని పక్కన ఉండాల్సిన ఇంకో వాక్యం లేకపోవడం. అంటే తీసేయమన్న చోట చేర్చడమే సరైన మందు.

రెండో భాగం, అంటే పైన లాభాలు రావాలా, చేయాల్సిన పని రావాలా అన్నది, రెండు లక్ష్యాల పోటీ. మెయిల్‌కు పైభాగం ఒక్కటే ఉంటుంది. ఇలాంటిది మీ అంతట మీరు నలిపి సర్దకండి. తేల్చే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి, కానీ "ఏం చేద్దాం?" అని ఖాళీ చేతులతో వెళ్లొద్దు. రెండు వెర్షన్లూ పూర్తిగా రాసి పట్టుకెళ్లండి, ఒక్కోదాని కింద దాని ఖరీదు ఒక్క వాక్యంలో రాయండి. నేను పంపింది ఇలా ఉంది:

"అ. చేయాల్సిన పని పైన. లాభాల గురించి ఈ మెయిల్‌లో ఏమీ ఉండదు, వేరే మెయిల్ కావాలి.
ఆ. లాభాలు పైన. పాస్‌వర్డ్ సంగతి స్క్రోల్ చేస్తే గాని కనిపించదు. చదవనివాళ్లు ఆదివారం సపోర్ట్‌కు ఫోన్ చేస్తారు.
నా ఓటు అ. రేపు మధ్యాహ్నంలోగా చెప్పగలరా?"

రెండింటినీ పూర్తిగా రాయమనడం ఎందుకంటే, కాగితం మీద చూసినప్పుడే కలిపేసిన మూడో రకం ఎంత చెత్తగా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది. మేనేజర్ అ అన్నారు. మా పని వాక్యం ప్రకారం చూసినా అదే రావాలి.

ఓట్లు లెక్కపెట్టొచ్చు కదా అని ఇక్కడ కొందరు అడుగుతారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ అనే సంస్థ పెద్ద పెద్ద గుంపులతో డాక్యుమెంట్లు తేలుస్తుంది. వాళ్లు ఓటింగ్ పెట్టరు. 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7282 అనే పత్రంలో దీని వెనక తర్కం వివరించారు. ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించి జవాబు చెప్పి తీరాలి, కానీ ప్రతిదానికీ తలొగ్గాల్సిన పనిలేదు అన్నది అందులోని ముఖ్యమైన మాట. వంద మంది అవునని ఐదుగురు కాదన్నా, ఆ ఐదుగురి అభ్యంతరానికి జవాబు లేకపోతే విషయం తేలనట్టే అంటుంది. నా నలుగురి గుంపుకూ ఇదే కొలత వాడతాను. మెయిల్ అడ్రస్ పోయినవాళ్ల సంగతి లీగల్ ఒక్కరే అడిగారు. ఓటు పెడితే మూడు, ఒకటితో ఓడిపోయేది.

మళ్లీ రాయడం

నిర్ణయాలు తేలాక పాత పేరాకు అతుకులు వేయకండి. షీట్ మూసేయండి, కామెంట్లు కనిపించకుండా చేయండి, కొత్త పేజీలో ఆ భాగాన్ని మొదటినుంచి ఒకే బిగిన రాయండి. పని వాక్యం ఒక్కటే కళ్ల ముందు పెట్టుకోండి. నాకు వచ్చింది ఇది:

"ఆదివారం ఉదయం 6 తర్వాత మీ పాత పాస్‌వర్డ్ పనిచేయదు. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు కొత్తది పెట్టుకోండి. దానికి కావాల్సిన కోడ్ ఈ మెయిల్ అడ్రస్‌కు వస్తుంది. వేరే అడ్రస్‌కు రావాలంటే శనివారం రాత్రి 10 లోపు మీ ఖాతాలో మార్చుకోండి. శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం ఉదయం 6 వరకు సర్వీస్ ఉండదు. 30 రోజుల్లో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే ఖాతా లాక్ అవుతుంది. మీ డేటా మాత్రం ఎక్కడికీ పోదు. సపోర్ట్‌ను అడిగితే ఖాతాను తిరిగి తెరుస్తారు."

రాశాక, రాజీ వాసన ఎక్కడైనా మిగిలిందేమో చూడాలి. నేను వెతికేవి కొన్ని ఉన్నాయి. "అవసరాన్ని బట్టి", "కొన్ని సందర్భాల్లో", "వీలైనంత వరకు" లాంటి మాటలు కనిపిస్తే, అవి నిజంగా తెలియని విషయాన్ని చెబుతున్నాయా, లేక ఇద్దరు మనుషుల మధ్య తగాదాను దాస్తున్నాయా అని అడుగుతాను. బ్రాకెట్లో ఉన్న మాటను కూడా అనుమానిస్తాను. అది చాలాసార్లు ఎవరో ఒకరిని సముదాయించడానికి దూరి ఉంటుంది. ఇంకో పరీక్ష: ఏ వాక్యాన్నైనా చూపించి "ఇది ఎందుకుంది?" అంటే, మీ నోటి నుంచి "పాఠకుడికి ఫలానా సంగతి తెలియాలి కాబట్టి" అని వస్తే ఉంచండి. "ఫలానా ఆయన అడిగారు కాబట్టి" అని వస్తే ఆ వాక్యం ఇంకా ఉడకలేదు.

చివరగా, రివ్యూలో లేని ఒక మనిషికి చదవడానికి ఇచ్చి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగండి. "బాగుందా?" అని అడగొద్దు. పాత పేరా చదివిన మా పక్క సీటు ఆవిడ "ఏమీ చేయను, నాకు వర్తిస్తే మళ్లీ మెయిల్ వస్తుందిలే" అంది. కొత్తది చదివి "ముందు నా మెయిల్ అడ్రస్ సరైందో కాదో చూసుకుంటా" అంది.

మాట నెగ్గనివాళ్లకు చెప్పడం

మార్కెటింగ్ అడిగింది చేయలేదు. ఆ సంగతి వాళ్లకు ఫైనల్ కాపీ చూసి తెలియకూడదు, నేనే చెప్పాలి. షీట్‌లో ఐదో కాలమ్ చేర్చి, విషయానికి సంబంధించిన ఆ 12 కామెంట్లకూ ఏం చేశానో, ఎందుకో ఒక లైన్ రాసి నలుగురికీ పంపాను. మార్కెటింగ్‌కు మాత్రం విడిగా ఇలా రాశాను: "లాభాలు పైన పెట్టమన్నారు. పెట్టలేదు. ఈ మెయిల్ చదివినవాళ్లు పాస్‌వర్డ్ మార్చుకోవడం ఒక్కటే కావాలని మేనేజర్ తేల్చారు. లాభాల ముక్కను అలాగే దాచాను, వేరే మెయిల్‌గా వాడుకోవచ్చు. జనం డేటా పోతుందనుకుంటారని మీరు చెప్పబట్టే చివరి రెండు వాక్యాలు వచ్చాయి." క్షమాపణలు, బుజ్జగింపులు పెట్టలేదు. వాళ్ల మాట వల్ల ఏది మారిందో చూపించడం చాలు, అది నిజమైతేనే.

రెండో రౌండ్‌కు పంపేటప్పుడు "మీ అభిప్రాయం చెప్పండి" అని రాస్తే మళ్లీ 37 వస్తాయి. "ఇందులో తప్పు ఉందా? ఎవరికైనా నష్టం జరిగేది ఉందా? రేపు సాయంత్రం 5 లోపు చెప్పండి" అని మాత్రమే అడగండి. నాకు రెండు వచ్చాయి, రెండూ లింకుల గురించే.

ఈ పద్ధతి పనిచేయని చోటు ఒకటి ఉంది. ఇద్దరు రివ్యూయర్లు ఇద్దరు వేర్వేరు పాఠకుల్ని మనసులో పెట్టుకుని చదువుతుంటే, ఎంత అడిగినా ముడి విప్పుకోదు. ఒకరు కొత్త యూజర్‌ కోసం, ఇంకొకరు వందల ఖాతాలు చూసుకునే అడ్మిన్‌ కోసం మాట్లాడుతుంటారు. పని వాక్యంలో "ఎవరు" అన్న చోట రెండు పేర్లు పెట్టాల్సి వస్తోందంటే, మీ చేతిలో ఉన్నవి రెండు డాక్యుమెంట్లు. విడగొట్టేయండి.

అంతా అయ్యాక, మెయిల్ పంపడానికి గంట ముందు, అసలు రివ్యూలోనే లేని ఒక పెద్దమనిషి నుంచి మెసేజ్ వచ్చింది: "మొదట్లో ధన్యవాదాలు చెబితే బాగుంటుందేమో?" షీట్‌లో 38వ లైన్‌గా ఎక్కించాను. ఫోన్ చేసి, లేకపోతే ఏం నష్టమని అడిగాను. "నష్టమేం లేదు, అలా అనిపించింది" అన్నారు. రుచి అని రాసుకుని, మెయిల్ పంపేశాను.